పలుగురాయి గోడంతా ఖాళీ, ఆర్సెనిక్ మాత్రం పక్క మట్టిలో. ఎక్కడ తప్పుతున్నాం?

సందేహాల_పుట్ట
మూడు నెలలుగా ఒకే గుట్ట చుట్టూ తిరుగుతున్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, ప్రశ్న మరీ చిన్నదైతే నవ్వుకోండి కానీ జవాబు చెప్పండి.

ఏరియా అంతా మెటాబసాల్ట్, అంటే వేడికీ ఒత్తిడికీ మారిన పాత లావా నల్లరాయి. గుట్ట శిఖరం పొడవునా తెల్లటి పలుగురాయి గోడలా నిలబడి ఉంది. రెండు మూడు మీటర్ల వెడల్పు, దాదాపు 400 మీటర్ల పొడవు. చూడగానే అందరికీ ఆశ పుట్టే రాయి. దాని నుంచి 14 శాంపిళ్లు కొట్టి పంపాం. పదమూడింటిలో టన్నుకు 0.05 గ్రాముల బంగారం కూడా రాలేదు. ఒక్కదాంట్లో 0.3 వచ్చింది.

బంగారం ఉన్నచోట తరచూ ఆర్సెనిక్ కూడా ఉంటుందని మట్టి శాంపిళ్లు కూడా తీశాం. లైనుకీ లైనుకీ మధ్య 100 మీటర్లు, లైను మీద ప్రతి 20 మీటర్లకు ఒకటి. మామూలు చోట ఆర్సెనిక్ 10-15 ppm ఉంది. గోడకు తూర్పున 120 మీటర్ల దూరంలో, వాలు మీద, వరుసగా మూడు లైన్లలో 180 ppm దాకా లేచింది. అక్కడ పలుగురాయి జాడే లేదు. చిన్న ట్రెంచ్ తవ్వితే కుళ్లిన నల్లరాయి తప్ప ఏమీ కనపడలేదు.

మా పెద్దాయన మాత్రం "గోడ కిందే బోరు వేద్దాం, లోతుకెళ్తే బంగారం వస్తుంది" అంటున్నారు. నాకు రెండు విషయాలు అర్థం కావట్లేదు. అంత పలుగురాయి తెచ్చిన వేడినీళ్లు బంగారం ఎందుకు తేలేదు? గోడ ఒకచోట, ఆర్సెనిక్ ఇంకోచోట ఎందుకున్నాయి?

బంగారు_భ్రమ
మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్లండి బాస్. అరగంటలో తేలిపోతుంది. నేను వాగుల్లో అదే చేస్తా.

సందేహాల_పుట్ట
@బంగారు_భ్రమ, డిటెక్టర్ గింజల్ని చూస్తుంది. మా దగ్గర గింజలున్నాయో లేదో కూడా తెలీదు. నేనడిగేది నీళ్ల గురించి.

లావా_రాజు
సింపుల్. కింద మాగ్మా ఉంటుంది, దాంట్లోంచి కరిగిన బంగారం పగుళ్లలోకి పైకెక్కి గడ్డకడుతుంది. మీ గోడ దగ్గరికి ఎక్కలేదు, పక్క పగులులోకి పోయింది. అంతే.

ద్రావణం
@లావా_రాజు, కరిగిన బంగారం కాదు. బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి. ఇలాంటి వెయిన్లు ఏర్పడ్డ నీళ్ల వేడి ఎక్కువగా 250 నుంచి 400 డిగ్రీల మధ్యే. ఆ వేడిలో బంగారం లోహంగా ప్రవహించదు. నీళ్లలో ఉన్న గంధకంతో జట్టు కట్టి, Au(HS)₂⁻ రూపంలో, టీలో చక్కెర కరిగినట్టు కరిగి వస్తుంది. కాకపోతే ఆ చక్కెర చాలా చాలా తక్కువ.

పుట్ట గారి మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఆ వేడిలో లీటరు నీళ్లు అటూఇటూగా ఒక గ్రాము సిలికాను కరిగించుకోగలవు. బంగారం మాత్రం లీటరుకు 10 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. అదీ కాస్త ఉదారంగా వేసుకున్న లెక్కే. అంటే సిలికా లక్ష వంతులుంటే బంగారం ఒక వంతు. ఒక టన్ను పలుగురాయి పేరుకోవాలంటే వెయ్యి టన్నుల నీళ్లు తమ సిలికానంతా దింపి పోవాలి. ఆ వెయ్యి టన్నుల నీళ్లలో ఉన్న బంగారం 10 గ్రాములు. రెండూ ఒకేచోట దిగితే టన్నుకు 10 గ్రాముల అద్భుతమైన రాయి తయారవుతుంది. సమస్యల్లా ఒకటే: రెండూ ఒకేచోట దిగాలన్న రూలు లేదు. సిలికా దిగడానికి నీళ్లు చల్లబడినా, ఒత్తిడి తగ్గినా చాలు. బంగారం దిగాలంటే దాన్ని మోసే గంధకం చెయ్యి వదలాలి.

కోతి_కొమ్మ
అంటే పలుగురాయి పెళ్లి ఊరేగింపు, బంగారం పెళ్లికొడుకు. ఊరేగింపు వెళ్లిన ప్రతి వీధిలో పెళ్లికొడుకు దిగడు 😄

లావా_రాజు
@ద్రావణం, లీటరుకు 10 మైక్రోగ్రాములతో గనులే పుడతాయా? నమ్మబుద్ధి కావట్లేదు.

ద్రావణం
పుడతాయి, టైమ్ ఉండాలి అంతే. పపువా న్యూ గినీలో లిహిర్ దీవి మీద లడోలం గని ఉంది. దాని కింద ఇప్పటికీ వేడినీళ్లు తిరుగుతున్నాయి. కిలోమీటరుకు పైగా లోతున్న బోర్లలోంచి ఆ నీటిని పట్టి కొలిచారు, 2006లో ఫలితం ప్రచురించారు. బంగారం 15 ppb, అంటే కిలో నీటికి 15 మైక్రోగ్రాములు. ఆ నీళ్లు ఏడాదికి 24 కిలోల బంగారాన్ని పైకి మోస్తున్నాయని లెక్క తేలింది. అక్కడున్న 1,300 టన్నుల బంగారం పేరుకోవడానికి ఆ లెక్కన దాదాపు 55,000 ఏళ్లు చాలు. భూమికి అదేమీ పెద్ద టైమ్ కాదు.

అక్కడి నిక్షేపం రకం వేరు, మెటాబసాల్ట్ బెల్టులో వెయిన్ల రకం వేరు. ఆ నీటి అంకెను తెచ్చి ఇక్కడ యథాతథంగా అంటించకూడదు. పలచటి నీళ్లతోనూ పని జరుగుతుందని చూపించడానికే చెప్పాను.

పలుగు_పార
ద్రావణం గారు చెప్పిన "చెయ్యి వదలడం" రాతిలో ఎలా కనిపిస్తుందో చెప్తాను. ఇరవై రెండేళ్లు ఈ గుట్టల్లోనే అరిగిపోయాను.

మెటాబసాల్ట్‌లో ఇనుము దండిగా ఉంటుంది. గంధకం మోసుకొచ్చే వేడినీళ్లు పగులు గోడలకు తగిలితే, ఆ ఇనుము గంధకాన్ని లాక్కుని పైరైట్ అవుతుంది. గంధకం పోయాక బంగారానికి నీళ్లలో ఉండే దారి లేదు, అక్కడే దిగిపోతుంది. కాబట్టి బంగారం పలుగురాయి నడుమ కాకుండా దాన్ని ఆనుకున్న గోడరాతిలో, పైరైట్‌తో, ఆర్సెనిక్ ఉండే ఆర్సెనోపైరైట్‌తో కలిసి దొరకడం మామూలే. ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ దగ్గర గోల్డెన్ మైల్ పేరు విన్నారు కదా, అక్కడా బంగారం పట్టినది ఇనుము ఎక్కువున్న డాలరైట్‌లోనే.

ఇప్పుడు మీ గోడ చూడండి. మూడు మీటర్ల మందం పలుగురాయి. అందులోంచి పోయిన నీళ్లలో ఎంత భాగం గోడరాతిని ముట్టుకుని ఉంటుంది? అంచు తప్ప నడుమ అంతా నీళ్లకు నల్లరాయి ముఖమే తెలీదు. అదే మీటరు వెడల్పులో వంద సన్నటి పగుళ్లుంటే? ప్రతి చుక్కా రాతిని రాసుకునే పోవాలి. నా లెక్కలో మీ బంగారం సన్నపగుళ్ల షియర్ జోన్‌లో, అంటే రాయి జారి నలిగిన పట్టీలో ఉంటుంది. అలాంటి జోన్ మెత్తబడి, త్వరగా కుళ్లి, పల్లంగా మారి మట్టి కింద దాక్కుంటుంది. పలుగురాయి గోడ మాత్రం అరక్కుండా గుట్టెక్కి కూర్చుంటుంది. కంటికి కనపడేది ఎప్పుడూ గట్టిగా ఉన్నదే.

ఒక ప్రశ్న. 14 శాంపిళ్లూ తెల్లరాయివేనా? అంచున గోడరాయి ఏమైనా కొట్టారా?

సందేహాల_పుట్ట
అన్నీ తెల్లరాయే 😐 "పలుగురాయి శాంపిల్" అని చెప్పి పంపించారు, నేనూ అదే కొట్టాను. ఆ 0.3 వచ్చిన దానికి మాత్రం ఒక పక్క నల్లరాయి ముక్క అంటుకుని ఉందని నోట్‌బుక్‌లో రాసుకున్నా.

పలుగు_పార
చూశారా. ఒక్క శాంపిల్‌తో తీర్పు ఇవ్వలేం గానీ, దారి మాత్రం అటే చూపిస్తోంది.

తెల్లరాయి_ఫ్యాన్
నేనొప్పుకోను. నేను పనిచేసిన భూగర్భ గనిలో బంగారం అంతా పలుగురాయిలోనే. గోడరాయి కొడితే 0.2, 0.3 వచ్చేది. పలుగురాయిలో కంటికి కనపడే గింజలు. గోడరాయి సిద్ధాంతం విని ఎవరైనా తెల్లరాయిని వదిలేస్తే కొంప మునుగుతుంది.

ద్రావణం
@తెల్లరాయి_ఫ్యాన్, మీరూ కరెక్టే. బంగారం చెయ్యి వదిలించే దారి ఇంకోటి ఉంది: ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవడం. లోతులో నీళ్లు మూతపడ్డ ఫాల్టు కింద ఒత్తిడితో బిగిసి ఉంటాయి. చిన్న భూకంపం వచ్చి ఫాల్టు తెరుచుకుంటే ఒత్తిడి దిగిపోతుంది, నీళ్లలోంచి వాయువులు విడిపోతాయి, గంధకం కొంత వాటితో లేచిపోతుంది. అప్పుడు బంగారం పగులు నడుమే, పలుగురాయిలోనే దిగుతుంది. ఆ తర్వాత పలుగురాయి పేరుకుని ఫాల్టుకు మళ్లీ మూత వేస్తుంది. ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. ఇలా వందలసార్లు.

మీ గనిలో పలుగురాయి చారలు చారలుగా ఉండేదా, ఒకే ముద్దగా ఉండేదా?

తెల్లరాయి_ఫ్యాన్
చారలే. పుస్తకం పేజీల్లా. మధ్యమధ్య సన్నటి నల్ల గీతలు, వాటి వెంబడే గింజలు.

ద్రావణం
అదే తేడా. ఒక్కో పేజీ ఒక్కోసారి తెరుచుకుని మూసుకున్న గుర్తు. ఆ నల్ల గీతలు నలిగిన గోడరాతి చెక్కలు. పుట్ట గారి గోడ పాలలా ముద్దగా ఉందంటే అది ఒకటి రెండుసార్లు పెద్దగా తెరుచుకున్న ఖాళీలో నిండిన పలుగురాయి కావచ్చు. బంగారం వచ్చిన విడతకు సంబంధమే లేని, తర్వాతి కాలపు నీళ్లదైనా కావచ్చు.

లావా_రాజు
పలుగురాయిని నొక్కితే కరెంటు పుట్టి, ఆ కరెంటుతో బంగారం అతుక్కుంటుందని ఎక్కడో చదివాను. మీరెవరూ దాని మాటే ఎత్తట్లేదే?

ద్రావణం
2024లో ఆ ప్రయోగం వచ్చింది నిజమే. బంగారం కరిగిన ద్రావణంలో పలుగురాయిని పెట్టి, భూకంపపు అదురులాంటి అదురు ఇస్తే, దాని మీద బంగారం పేరుకుంది. ముందే ఉన్న బంగారపు రేణువుల మీద ఇంకా బాగా పేరుకుంది. పెద్ద గడ్డలు ఎందుకు ఏర్పడతాయన్న చిక్కుకు అది జవాబు కావచ్చు. కానీ ల్యాబులో జరిగింది పది కిలోమీటర్ల లోతులో ఎంత జరుగుతుందో ఇంకా తేలలేదు. పుట్ట గారికి ఎక్కడ ట్రెంచ్ వేయాలో అది చెప్పదు కూడా.

ఎర్రమట్టి
రెండో ప్రశ్నను అందరూ మర్చిపోయారు. ఆర్సెనిక్ సంగతి నేను చూస్తా, మట్టి నా సబ్జెక్ట్.

ముందు ఒక భయం పెడతా. నేను ఒకసారి 300 ppm ఆర్సెనిక్ చూసి ఎగిరి గంతేసి, నాలుగు ట్రెంచ్‌లు తవ్వించి, కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి. అక్కడ ఎర్రటి ఇనుప గుళికల మట్టి పరుచుకుని ఉంది. ఇనుప ఆక్సైడు ఆర్సెనిక్‌ను దూది నీళ్లు పీల్చినట్టు పీల్చుకుంటుంది. చుట్టుపక్కల ఉన్న మామూలు ఆర్సెనిక్కే కొన్ని లక్షల ఏళ్లు అక్కడ పోగుపడింది. కింద ఏమీ లేదు. రిజల్ట్ షీట్‌లో ఇనుము కాలమ్ పక్కనే ఉంది, నేనే చూడలేదు.

@సందేహాల_పుట్ట, మీ మూడు లైన్లలో ఆర్సెనిక్ లేచినచోట ఇనుము కూడా లేచిందా? గుట్ట వాలు ఎటు?

సందేహాల_పుట్ట
ఇప్పుడే షీట్ తీసి చూశాను. ఇనుము అన్నిచోట్లా 7 నుంచి 9 శాతం మధ్యే ఉంది. ఆర్సెనిక్ లేచినచోట 8. పెద్ద తేడా లేదు. వాలు పడమర నుంచి తూర్పుకు. గోడ పైన, ఆర్సెనిక్ కింద.

ఎర్రమట్టి
అయితే మీ ఆర్సెనిక్ ఇనుము పీల్చుకున్నది కాదు, నమ్మొచ్చు. వాలు మీద మట్టి కూర్చున్నచోట కూర్చోదు, ఏటా కొంచెం కొంచెంగా కిందికి జారుతుంది. మట్టిలో ఆర్సెనిక్ శిఖరం కనపడినచోట కింద దాని రాయి ఉండదు, ఆ రాయి ఎగువన ఉంటుంది. మీరు ట్రెంచ్ సరిగ్గా శిఖరం మీదే తవ్వారు కదా? అదే పొరపాటు. ఆర్సెనిక్ లైను ఆకారం చూడండి. ఒక పక్క నిటారుగా పడిపోయి, ఇంకోపక్క తోకలా సాగి ఉంటుంది. తోక దిగువకు. నిటారుగా పడిన పక్కకు వెళ్లాలి.

ట్రెంచ్ లోతెంత?

సందేహాల_పుట్ట
మీటరున్నర. ఆకారం మీరన్నట్టే ఉంది! ఎగువ వైపు 180 నుంచి రెండు శాంపిళ్లలో 20కి పడింది. దిగువ వైపు ఐదారు శాంపిళ్ల దాకా సాగింది.

ఎర్రమట్టి
మీటరున్నరలో మీరు చూసింది జారి వచ్చిన మట్టీ రాళ్లే అయ్యుండొచ్చు. కుళ్లినా సరే, రాతి పొరలు కదలకుండా తన చోటే ఉన్న రాయి తగిలేదాకా తవ్వాలి.

కోతి_కొమ్మ
బంగారం కోసం వెతుకుతూ ఆర్సెనిక్ దొరికితే సంబరపడే జాతి మనదొక్కటే.

సందేహాల_పుట్ట
@కోతి_కొమ్మ 😂 నిజానికి నాకూ అదే డౌటు. మట్టిలో బంగారాన్నే నేరుగా కొలిస్తే పోదా? ఆర్సెనిక్ వెంట ఎందుకు పడాలి?

పలుగు_పార
కొలవాలి, కానీ దాన్నొక్కదాన్నే నమ్మకూడదు. లెక్క వేసి చూడండి. ఒక మిల్లీమీటరు బంగారు గింజ దాదాపు 10 మిల్లీగ్రాములు తూగుతుంది. టన్నుకు 3 గ్రాముల రాయి అంటే టన్నులో అలాంటివి 300 గింజలు. మీరు కొట్టే 3 కిలోల శాంపిల్‌కు సగటున ఒక్క గింజ కూడా పూర్తిగా రాదు. మంచి రాతిలోంచే పది శాంపిళ్లు కొట్టినా నాలుగింటిలో ఏ గింజా పడదు, ల్యాబ్ సున్నా అంటుంది. ఇంకోదాంట్లో రెండు పడతాయి, ఊరంతా పండగ. బంగారం సన్నగా ఉంటే ఈ బాధ తగ్గుతుంది, ముతకగా ఉంటే చంపేస్తుంది. ఆర్సెనోపైరైట్ అలా కాదు, జోన్ అంతా వేలాది గింజలుగా చల్లినట్టు ఉంటుంది. అందుకే ఆర్సెనిక్ అబద్ధం తక్కువ చెప్తుంది. బంగారం ఉందని మాత్రం అది హామీ ఇవ్వదు, అదే నీళ్లు అటు వచ్చాయని చెప్తుంది.

ఖర్చులేని పని ఒకటి చేయండి. దారానికి కట్టిన చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకుని గోడ నుంచి తూర్పుకు, ఆర్సెనిక్ దాకా నడవండి. పది అడుగులకో రాయి విరగ్గొట్టి, తాజా ముఖానికి అయస్కాంతం ఆనించండి. మెటాబసాల్ట్‌లో కొంచెం మాగ్నటైట్ ఉంటే అయస్కాంతం ఊగుతుంది. వేడినీళ్లు తాకినచోట మాగ్నటైట్ చచ్చి, దాని ఇనుము పైరైట్‌లోకో కార్బొనేట్‌లోకో వెళ్లిపోతుంది. అక్కడ అయస్కాంతం ఊగడం ఆగిపోతుంది. దాంతోపాటు యాసిడ్ సీసా. దూరంగా ఉన్న రాయి మీద చుక్క వేస్తే చుర్రుమని నురగ వస్తుంది, అది కాల్సైట్. జోన్ దగ్గరికొచ్చేసరికి నురగ రాదు, అదే రాతిని గీకి పొడి చేసి వేస్తే మెల్లగా బుడగలు వస్తాయి. అది ఆంకరైట్. నీళ్లలో వచ్చిన కార్బన్ డయాక్సైడ్ చేసిన పని. కుళ్లితే రాతి మీద బూడిద చల్లినట్టు కాకుండా బెల్లం రంగు మచ్చలు పడతాయి.

పాత_డ్రిల్లర్
బాగా కుళ్లిన రాతిలో మాగ్నటైట్ ఎండకీ వానకీ కూడా చస్తుంది. అయస్కాంతం ఊగలేదని అక్కడే జెండా పాతకండి. తాజా ముఖం కావాలి.

పలుగు_పార
కరెక్ట్. అందుకే విరగ్గొట్టమన్నా.

బంగారు_భ్రమ
ఇంత తతంగం కంటే డిటెక్టర్...

కోతి_కొమ్మ
@బంగారు_భ్రమ, నీ డిటెక్టర్‌కు ఒక గుడి కట్టిస్తాం, కాసేపు ఊరుకో.

పలుగు_పార
ఆయన మాటలో సగం పని ఉంది. డిటెక్టర్ వద్దు గానీ, పాన్ పట్టండి. ఆర్సెనిక్ శిఖరం నుంచి ఎగువకు పది మీటర్లకో బకెట్ మట్టి తీసి కడిగి, గింజలు లెక్కపెట్టండి. ఎక్కడ సున్నా అవుతుందో దానికి కాస్త దిగువనే తల్లి రాయి. గింజల అంచులు కూడా చూడండి. దూరం నుంచి దొర్లివచ్చినవి గుండ్రంగా నలిగి ఉంటాయి. పక్కనే పుట్టినవి ముళ్లముళ్లుగా, ఒక్కోసారి పలుగురాయి ముక్క కరుచుకునే ఉంటాయి.

సందేహాల_పుట్ట
పదకొండు రోజుల తర్వాత వస్తున్నాను. పెద్దాయన్ను ఒప్పించడానికి నాలుగు రోజులు, మిగతాది పని.

అయస్కాంతం గోడ నుంచి 70 మీటర్ల దాకా బాగా ఊగింది. గోడ పక్కనే ఆనుకుని ఉన్న రాయి కూడా మాగ్నటైట్‌తోనే ఉంది! అంటే ఆ గోడ నీళ్లు పక్కరాతిని పట్టించుకోనే లేదన్నమాట. 80 మీటర్ల దగ్గర ఊగడం తగ్గి, 85 దాటాక ఆగింది. యాసిడ్ కూడా అక్కడే మారింది.

పాన్‌లో శిఖరం దగ్గర 3 గింజలు, పది మీటర్లు ఎగువన 5, ఇరవై మీటర్ల దగ్గర 9, ముప్పై దగ్గర 4, నలభై దగ్గర సున్నా. లెన్స్‌లో చూస్తే తొమ్మిదింటిలో ఆరు ముళ్లుగా ఉన్నాయి. ఒకటి నిజంగానే పలుగురాయిని కరుచుకుని ఉంది, ఫోటో తీసి ఇంట్లో వాళ్లకు పంపితే "ఇదేనా, కనపడట్లేదే" అన్నారు.

ముప్పై మీటర్ల దగ్గర, అంటే గోడకు 90 మీటర్ల తూర్పున, మూడు మీటర్ల లోతు ట్రెంచ్ తవ్వాం. రెండు మీటర్ల దాకా జారిన మట్టే. కింద నాలుగు మీటర్ల వెడల్పున బెల్లం రంగు, పొరలు పొరలుగా నలిగిన రాయి. దాంట్లో వేలి మందం పలుగురాయి తీగలు. రాతిలో చిన్న చిన్న చతురస్రపు గుంతలు, వాటినిండా తుప్పు.

పలుగు_పార
ఆ చతురస్రపు గుంతలు పైరైట్ ఉన్న గూళ్లు. పక్షి ఎగిరిపోయింది, గూడు మిగిలింది. శాంపిల్ ఎలా తీశారు?

సందేహాల_పుట్ట
ఈసారి ఛానెల్ శాంపిళ్లు. ట్రెంచ్ గోడకు అడ్డంగా ఒకే లోతున గాడి కొట్టి, మీటరుకొకటి. నాలుగు మీటర్లకు 0.4, 2.1, 3.6, 0.2. మూడో మీటరులోంచి తీగల పలుగురాయిని ఏరి విడిగా పంపిస్తే 0.6 మాత్రమే వచ్చింది. గూళ్లున్న గోడరాయిలోనే ఎక్కువ. సంతోషంగా ఉంది. ఒక్క టెన్షన్: 3.6 వచ్చిన శాంపిల్ మిగిలిన సగాన్ని మళ్లీ పంపితే 1.9 వచ్చింది. ల్యాబ్ తప్పా?

తెల్లరాయి_ఫ్యాన్
ల్యాబ్‌ను తిట్టే ముందు పలుగు_పార గారి 300 గింజల లెక్క మళ్లీ చదవండి. సగంలో గింజ పడింది, ఇంకో సగంలో పడలేదు. పెద్ద శాంపిల్ తీసి, జల్లెడ పట్టి, జల్లెడ మీద మిగిలిన ముతకను మొత్తం ఒకసారి, కిందికి దిగిన సన్నదాన్ని ఒకసారి విడివిడిగా కొలిపించండి. ముతకలోనే సగం బంగారం ఉందని తేలితే ఏ ఒక్క అంకెనూ నమ్మకండి.

ఇంకా ఒక మాట. గూళ్లు ఖాళీ అంటే మీరు చూస్తున్నది వానలు కడిగిన రాయి. కొన్నిచోట్ల పైన బంగారం కడిగి పలచబడుతుంది, కొన్నిచోట్ల మిగతా రాయి కరిగిపోయి బంగారం చిక్కబడుతుంది. కింద తాజా పైరైట్ ఉన్న రాతిలో ఎంతుందో ట్రెంచ్ చెప్పదు.

పాత_డ్రిల్లర్
ఇప్పుడు నా వంతు. జోన్ ఎటు వాలింది? ఎంత వాలింది? ఇది చెప్పకుండా బోరు పాయింట్ ఇచ్చిన జియాలజిస్టులు నాకు ముగ్గురు తెలుసు, ముగ్గురి బోర్లూ జోన్‌ను ముట్టుకోలేదు.

సందేహాల_పుట్ట
పడమరకు 65 డిగ్రీలు. ట్రెంచ్ రెండు గోడల మీదా కొలిచాను. బోరు 50 మీటర్ల లోతులో తగలాలని అనుకుంటున్నాం. రిగ్‌ను తూర్పున పెట్టడం సులువు, అక్కడ నేల చదును.

పాత_డ్రిల్లర్
తూర్పున పెడితే కొంప కొల్లేరే. జోన్ పడమరకు వాలి దిగుతోంది. మీ బోరు కూడా తూర్పు నుంచి పడమరకు 50 డిగ్రీల్లో దిగితే రెండూ ఒకే దిక్కుకు పరుగెత్తుతాయి. మధ్యలో తేడా 15 డిగ్రీలు. తగిలినా ఏటవాలుగా తగిలి, నాలుగు మీటర్ల జోన్ పదిహేను మీటర్లుగా కనపడుతుంది. అది చూసి పైవాళ్లు గంతులేస్తారు, తర్వాత మీ మీద పడతారు.

రిగ్ పడమరన పెట్టి తూర్పుకు వేయండి. నేల చదునని అనుకుని లెక్క చెప్తా. 50 మీటర్ల లోతులో జోన్ ట్రెంచ్‌కు 23 మీటర్లు పడమరన ఉంటుంది. 50 డిగ్రీల బోరు ఆ లోతుకు చేరేసరికి పక్కకు 42 మీటర్లు జరుగుతుంది. రెండూ కలిపి రిగ్ ట్రెంచ్‌కు 65 మీటర్లు పడమరన ఉండాలి, బోరు దాదాపు 65 మీటర్ల దగ్గర జోన్‌ను తాకుతుంది. అక్కడే ఆపకండి, ఇంకో ముప్పై పొడిగించండి. మీ నేల పడమరకు ఎత్తు కాబట్టి రిగ్ ఇంకా పైన కూర్చుంటుంది, బోరు ఇంకాస్త పొడవవుతుంది. ఎత్తులు కొలిచి మళ్లీ లెక్క కట్టండి. కుళ్లిన రాతిలో కోర్ పొడిపొడిగా రాలి పోతుంది, మొదటి పాతిక మీటర్లు నిదానంగా వేయమని చెప్పండి. పోయిన కోర్‌లోనే బంగారం ఉండి ఉంటే అది ఇక ఎవరికీ తెలీదు.

సందేహాల_పుట్ట
65 మీటర్లు పడమరన అంటే రిగ్ గోడకు పాతిక మీటర్ల దూరంలో కూర్చుంటుంది. పెద్దాయన "ఎలాగూ అక్కడి దాకా వెళ్లావు కదా, ఆ గోడ కింద కూడా ఒకటి వేసేయ్" అంటున్నారు.

లావా_రాజు
వేసెయ్యొచ్చు కదా. గోడ, షియర్ జోన్ కింద ఒకే పైపులోంచి వచ్చి ఉంటే?

ద్రావణం
ఈసారి @లావా_రాజు అడిగింది మంచి ప్రశ్న. గోడ పక్కన మాగ్నటైట్ బతికే ఉంది, ఆర్సెనిక్ లేదు, కాబట్టి అది వేరే నీళ్లని నా అనుమానం. కానీ ఇలాంటి బెల్టుల్లో అసలు నీళ్లు లోతు రాళ్లు వేడెక్కి వదిలినవా, గ్రానైట్ మాగ్మా నుంచి వచ్చినవా అన్నదే నిక్షేపానికో వాదనగా నడుస్తోంది. రెండు వెయిన్లు ఒకే నీళ్లవా కాదా అని గుట్ట మీద నిలబడి చెప్పలేం.

పలుగు_పార
గోడ అంచున, నల్లరాయి అంటుకున్నచోట ఒక పది శాంపిళ్లు కొట్టండి. ముందు ఆ 0.3 వచ్చినచోటే. వాటిలో ఆర్సెనిక్ లేకపోతే ఆ కాగితం పెద్దాయన చేతిలో పెట్టండి. బోరు కంటే సుత్తి చవక.

సందేహాల_పుట్ట
రేపు పొద్దున్నే సుత్తి. రిగ్ వచ్చే వారం.

బంగారు_భ్రమ
ఆ తొమ్మిది గింజలు వచ్చిన చోటు లొకేషన్ పంపగలరా? ఊరికే చూసొస్తా.

కోతి_కొమ్మ
🙏